జిప్‌లైన్‌లో దెబ్బ తగిలాక ఇచ్చే రెండో కాగితం మీద వెంటనే సంతకం పెట్టకండి

నాలుగు నెలల క్రితం మా తమ్ముడు జిప్‌లైన్ దిగే చోట ప్లాట్‌ఫాం స్తంభానికి గుద్దుకున్నాడు. మోకాలి కింది ఎముక విరిగింది, చీలిక కీలు దాకా వెళ్లింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఇప్పటికీ చంకకర్ర లేకుండా మెట్లు ఎక్కలేడు. టికెట్ కొని ఇలాంటి ఆటలకు వెళ్లేవాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను. మా క్లెయిమ్ ఇంకా నడుస్తోంది, అందుకే చోటు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు.

ముందు అసలు ఏం జరిగిందో చెప్పాలి. తర్వాత వచ్చే విషయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. జిప్‌లైన్‌లో మనం వేలాడే ట్రాలీ తీగ మీద దూసుకొస్తుంది. మేం వెళ్లిన చోట, దిగే ప్లాట్‌ఫాంకు కొన్ని మీటర్ల ముందు ఆ తీగ మీదే ఒక బ్రేక్ దిమ్మ ఉంటుంది. ట్రాలీ వచ్చి దాన్ని నెడితే, దిమ్మకు కట్టిన సాగే తాడు వేగాన్ని తగ్గిస్తుంది. మనిషి దిగేసరికి ఆ దిమ్మ ప్లాట్‌ఫాం దగ్గరికి జరిగిపోయి ఉంటుంది. కింద ఉన్న గైడ్ దాన్ని తాడుతో లాగి మళ్లీ దాని చోట పెట్టాలి. పెట్టాక మాత్రమే వాకీటాకీలో "లైన్ క్లియర్" అని పై గైడ్‌కు చెప్పాలి. ఆ మాట వినిపించకుండా పైన ఉన్నవాళ్లు తర్వాతి మనిషిని వదలకూడదు.

తమ్ముడి కంటే ముందు దిగినామె ఒంటికి కట్టిన హార్నెస్ పట్టీల బకుల్ చిక్కుకుంది. కింది గైడ్ అది విప్పే పనిలో ఉన్నాడు. దిమ్మ ప్లాట్‌ఫాం పక్కనే ఉండిపోయింది. నేను అప్పటికే దిగి పక్కన నిలబడి ఉన్నాను. పైనుంచి తమ్ముణ్ణి వదిలేశారు. కింది గైడ్ అరిచాడు కానీ అప్పటికి వాడు సగం దూరం వచ్చేశాడు. ఆపడానికి తీగ మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో మేనేజర్ నాతో అన్న మొదటి మాట, "సార్, మీరందరూ వేవర్ మీద సంతకం పెట్టారు కదా." నిజమే, దెబ్బ తగిలినా కంపెనీని ఏమీ అడగం అని రాసిచ్చే ఆ పత్రం మీద ఆటకు ముందే పెట్టాం. కౌంటర్ దగ్గర టాబ్లెట్ చేతికిచ్చి, వెనక క్యూ ఉంటే, కిందికి జరిపి వేలితో గీసేశాం. అందులో "కంపెనీ నిర్లక్ష్యం వల్ల కలిగిన గాయానికి కూడా" అన్న మాటలు ఉన్నాయని తర్వాత కాపీ తెప్పించుకుని చదివితే తెలిసింది. ఆ రోజు మాత్రం మేనేజర్ మాట నమ్మేశాం. ఇక మనకు దారి లేదనుకున్నాం.

సరిగ్గా ఆ నమ్మకం మీదే వాళ్లు నాలుగో రోజు వచ్చారు. టికెట్ డబ్బు, అప్పటిదాకా అయిన ఆసుపత్రి బిల్లు ఇస్తామన్నారు. "మా బాధ్యత కాదు, అయినా మానవత్వంతో ఇస్తున్నాం" అన్నారు. చేతిలో ఒక పేజీ కాగితం. రసీదు అన్నారు. పైన మొత్తం, మధ్యలో తమ్ముడి పేరు. కింద ఒక వాక్యం: ఈ ఘటనకు సంబంధించి ఇప్పుడు గానీ ఇకముందు గానీ ఎటువంటి క్లెయిమ్ ఉండదు, ఇది పూర్తి, తుది పరిష్కారం. తమ్ముడు నొప్పి మందుల మత్తులో ఉన్నాడు. నాన్నగారు వాడి చేతికి పెన్ను అందించబోయారు కూడా. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే మా బావ అప్పుడే గదిలోకి వచ్చాడు కాబట్టి ఆగింది. "మామయ్యా, ఆ మొదటి సంతకం కంటే ఇది వందరెట్లు గట్టిది, పెట్టించకండి" అన్నాడు.

ఎందుకలా అన్నాడో అప్పుడు మాకు అర్థం కాలేదు. తర్వాత లాయర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే తెలుసుకున్నాం.

ఆటకు ముందు పెట్టే వేవర్‌లో నిజానికి రెండు వేరు వేరు విషయాలు ఒకేచోట కలిపేసి ఉంటాయి. ఒకటి, ఆటలోనే ఉండే ప్రమాదాన్ని ఒప్పుకోవడం. గాలి మారి ఊగడం, దిగేటప్పుడు మడమ మెలికపడటం, తీగ మధ్యలో ఆగిపోవడం లాంటివి. అన్నీ సరిగ్గా చేసినా ఇవి జరగొచ్చు. ఇలాంటి దెబ్బకు నిర్వాహకుడి మీదకు వెళ్లడం ఎక్కడైనా కష్టమే, నా దృష్టిలో అది న్యాయం కూడా. రెండోది, నిర్వాహకుడి తప్పు వల్ల దెబ్బ తగిలినా అడగనని రాసివ్వడం. బ్రేక్ దిమ్మ దాని చోట పెట్టకుండా మనిషిని వదలడం ఆటలో ఉండే ప్రమాదం కాదు, పనిలో తప్పు. ఆ తప్పుకు ముందే రాసిచ్చిన మాఫీ చెల్లుతుందా లేదా అన్నది ఏ చట్టం వర్తిస్తుందన్న దాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది.

ఎంతగా మారుతుందో చూడండి. ఇంగ్లండ్‌లో 1977 నాటి అన్యాయ ఒప్పంద షరతుల చట్టం, ఇప్పుడు వినియోగదారులకు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలోని 65వ సెక్షన్ ఒక మాట స్పష్టంగా చెబుతాయి. వ్యాపారి తన నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి, శరీర గాయానికి బాధ్యతను ఒప్పందంతో తప్పించుకోలేడు. షరతు తెలిసి ఒప్పుకున్నంత మాత్రాన ఆ ప్రమాదాన్ని స్వచ్ఛందంగా నెత్తిన వేసుకున్నట్టు కాదని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే మాలాంటి ఘటన అక్కడ జరిగితే, నిర్లక్ష్యం రుజువైతే, టాబ్లెట్ మీద గీసిన గీత అడ్డు రాదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా తీర్పు వచ్చింది, అదీ జిప్‌లైన్ కేసులోనే. ఒకామె ఇంకా తీగ మీద ఉండగానే గైడ్లు రెండో ఆమెను వదిలేశారు, ఇద్దరూ గుద్దుకున్నారు. తప్పు తమ సిబ్బందిదేనని కంపెనీ ఒప్పుకుంది కూడా. అయినా 2012లో అప్పీలు కోర్టు వేవర్ చెల్లుతుందంది. గాయపడిన ఇద్దరికీ ఏమీ రాలేదు. ఇది చదివినప్పుడు నాకు గుండె జారిపోయింది. గైడ్ల మధ్య సమన్వయం లేకపోవడమే అక్కడా ఇక్కడా కారణం.

అయితే కెనడాలోనే 1988లో సుప్రీంకోర్టు మరో కేసులో వేవర్‌ను పక్కన పెట్టింది. ఒకతను రబ్బరు ట్యూబు మీద మంచు కొండ దిగే పోటీలో మెడ విరిగి, చేతులూ కాళ్లూ కదల్చలేని స్థితికి వచ్చాడు. అతను తాగి ఉన్నాడని కళ్ల ముందు కనబడుతున్నా నిర్వాహకులు దిగనిచ్చారు. అతను సంతకం పెట్టిన కాగితాన్ని ఎంట్రీ ఫారం అనుకున్నాడు, అది హక్కులు వదులుకునే పత్రమని ఎవరూ చెప్పలేదు. కోర్టు నిర్వాహకులదే బాధ్యత అంది, అతని వంతు తప్పు 25 శాతంగా లెక్కకట్టింది. కాబట్టి మీ చేత ఎలా సంతకం పెట్టించారన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎంత సమయం ఇచ్చారు, హక్కులు వదులుకుంటున్నారని నోటితో చెప్పారా, ఫారం పైన పెద్ద అక్షరాలతో ఉందా అన్నవన్నీ గుర్తున్నంత వరకు అదే రోజు రాసి పెట్టుకోండి.

కాలిఫోర్నియాలో మధ్యస్థంగా ఉంది. మామూలు నిర్లక్ష్యానికి వేవర్ చెల్లొచ్చు గానీ, తీవ్ర నిర్లక్ష్యానికి ముందుగా మాఫీ రాయించుకోలేరని 2007లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కసారి దిమ్మ మర్చిపోవడం మామూలు నిర్లక్ష్యం అనిపించుకోవచ్చు. దిమ్మ పెట్టకుండా పంపడం రోజూ అలవాటని తెలిస్తే, అంతకుముందు ఫిర్యాదులున్నా పట్టించుకోలేదని తేలితే, అది తీవ్ర నిర్లక్ష్యం వైపు వెళ్తుంది.

పిల్లల విషయం వేరు. బ్రిటిష్ కొలంబియాలోనే 2009లో ఒక కోర్టు, తల్లి పెట్టిన సంతకం పిల్లవాడి హక్కును తీసేయలేదని చెప్పింది. ఇది కూడా చోటును బట్టి మారుతుంది, కానీ "మీరే పెట్టారు కదా" అన్న మాటతో ఊరుకోకండి.

ఇప్పుడు రెండో కాగితం. మొదటి సంతకం పెట్టేనాటికి ఏ గాయం అవుతుందో, ఎవరి తప్పో ఎవరికీ తెలియదు. అందుకే చట్టాలు దాన్ని అనుమానంగా చూస్తాయి. రెండోది దెబ్బ తగిలాక, డబ్బు చేతికి తీసుకుని చేసుకున్న రాజీ. రాజీలు నిలబడాలనే కోర్టులు కోరుకుంటాయి. ముందు సంతకం చెల్లదన్న ఇంగ్లండ్‌లోనూ, గాయం తర్వాత చేసుకున్న రాజీ సాధారణంగా నిలుస్తుంది. మత్తులో ఉన్నాడనో, మోసం చేసి పెట్టించారనో తర్వాత పోరాడొచ్చు, కానీ ఆ రుజువు బరువు మన మీద పడుతుంది. పైగా నాలుగో రోజున గాయం అసలు ఖర్చు డాక్టరుకే తెలియదు. కీలు దాకా చీలిన ఎముకకు ప్లేటు తీయడానికి మరో ఆపరేషన్, తర్వాత కీలు అరుగుదల, ఉద్యోగం పోయిన నెలలు, ఇవేవీ ఆ పేజీలో లేవు.

డబ్బు ఇస్తామంటే తోసేయనక్కర్లేదు. "ప్రస్తుత వైద్య ఖర్చుల కోసం, నా మిగతా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను" అని రాసిన రసీదుకు ఒప్పుకుంటే తీసుకోండి. మేం అలా రాసిస్తామంటే వాళ్లు కాగితం మడిచి వెళ్లిపోయారు.

సాక్ష్యం విషయంలో మేం చేసిన మంచి పని ఒక్కటే. పక్కన ఒకాయన ఫోన్‌లో తీసిన వీడియో అప్పుడే అడిగి తీసుకున్నాను. దిమ్మ ప్లాట్‌ఫాం పక్కన ఉన్నది అందులో కనబడుతుంది. చేయని పని, సీసీటీవీ దాచమని మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగకపోవడం. చాలాచోట్ల పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. మూడు వారాల తర్వాత అడిగితే లేదన్నారు. మీకిలా జరిగితే ఒక్క ఈమెయిల్ అదే రోజు పంపండి: ఆ రోజు సీసీటీవీ, ఉదయం తనిఖీ షీట్, ఇద్దరు గైడ్ల పేర్లు, శిక్షణ రికార్డు, ఘటన రిపోర్టు, సంతకం పెట్టిన వేవర్ కాపీ, వాళ్ల బాధ్యత ఇన్సూరెన్స్ వివరాలు భద్రపరచమని. ఆ బ్రేక్ దిమ్మ, తాడు మార్చకముందు ఫొటోలు తీయనివ్వమని అడగండి. ఆసుపత్రిలో "జారి పడ్డాడు" అని రాయనివ్వకండి, జరిగింది జరిగినట్టు చెప్పి రాయించండి.

గడువు కూడా చూసుకోండి. ఇంగ్లండ్‌లో గాయం కేసులకు సాధారణంగా 3 ఏళ్లు, భారత్‌లో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2 ఏళ్లు. ముందుగా ఏ చోటి చట్టం వర్తిస్తుందో తెలిసిన లాయర్‌కు వేవర్ కాపీ చూపించండి. కొన్ని ఫారాల్లో ఏ చట్టం, ఏ కోర్టు అన్నది కూడా కింద ఒక లైనులో రాసి ఉంటుంది.

మా నోటీసుకు వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి గత వారం జవాబు వచ్చింది. వేవర్ మాట మొదటి పేరాలోనే ఉంది. మూడో పేరాలో వైద్య రికార్డులు, జీతం నష్టం వివరాలు పంపమన్నారు.