మూడు పీఎస్4లు, పదహారు మంది: రెండున్నరేళ్లుగా టెక్కెన్ టోర్నమెంట్లు నడిపిన అనుభవం

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో రెండు మూడు నెలలకోసారి టెక్కెన్ 7 అనే ఫైటింగ్ గేమ్‌తో టోర్నమెంట్ పెడుతున్నాం. ఇప్పటికి పది దాటాయి. టెక్కెన్ 8 వచ్చింది 2024 జనవరిలోనే, కానీ అది పీఎస్4లో ఆడదు. మా గుంపులో ఎక్కువమంది దగ్గర ఉన్నవి పీఎస్4లే, కాబట్టి పాత ఆటతోనే కాలక్షేపం.

మొదటిసారి సింగిల్ ఎలిమినేషన్ పెట్టి నాలుక కరుచుకున్నాం. బిర్యానీ పార్శిల్ రాకముందే పదహారు మందిలో ఎనిమిది మంది ఓడిపోయి ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. అప్పటినుంచి డబుల్ ఎలిమినేషనే. ఒకసారి ఓడితే లూజర్స్ వైపు వెళ్తారు, రెండోసారి ఓడితేనే ఇంటికి. పదహారు మందికి 30 మ్యాచ్‌లు పడతాయి. లూజర్స్ నుంచి వచ్చినవాడు గ్రాండ్ ఫైనల్ మొదటి మ్యాచ్ గెలిస్తే ఇంకో మ్యాచ్ ఆడాలి గనక 31.

బ్రాకెట్, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక కోసం Challonge అనే వెబ్‌సైట్ వాడతాం. ఉచితంగా దొరికేదే మాకు సరిపోతోంది. పేర్లు ఎక్కించి, బలమైనవాళ్లు మొదట్లోనే తగులుకోకుండా సీడ్లు సర్దితే మిగతాది అదే వేస్తుంది. పదముగ్గురే వస్తే పై ముగ్గురు సీడ్లకు మొదటి రౌండ్ ఆడకుండానే ముందుకెళ్లే బై ఇచ్చేస్తుంది. సీడ్లు సర్దేటప్పుడు ఒకే ఫ్లాట్‌లో ఉండే అన్నదమ్ములు మొదటి రౌండ్‌లో ఎదురెదురు కాకుండా చూస్తాను. రోజూ ఇంట్లో కొట్టుకునేవాళ్లను ఇక్కడికి పిలిచి మళ్లీ కొట్టుకోమనడం ఏం బాగుంటుంది? గ్రాండ్ ఫైనల్ ఒక మ్యాచా, రెండు మ్యాచ్‌ల అవకాశమా అన్నది మాత్రం ఆట మొదలుపెట్టకముందే ఎంచుకుని అందరికీ చెప్పేయాలి. ఫైనల్ మధ్యలో ఆ చర్చ వస్తే స్నేహాలు చెడతాయి.

ఒక జాగ్రత్త. స్కోరు తప్పు ఎక్కించి, తర్వాతి మ్యాచ్‌ల ఫలితాలు కూడా పెట్టేశాక పాత మ్యాచ్‌ని మళ్లీ తెరిస్తే, దాని మీద ఆధారపడ్డ తర్వాతి ఫలితాలన్నీ చెరిగిపోతాయి. లెక్కప్రకారం అది సరైనదే, కానీ నేను ఒకసారి నాలుగు మ్యాచ్‌ల స్కోర్లు గుర్తు తెచ్చుకుని తిరిగి ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు ఓడినవాడే నా దగ్గరకు వచ్చి స్కోరు చెప్పాలని రూలు. గెలిచినవాడు చెబితే గొడవ రావచ్చు గానీ, ఓడినవాడు తన ఓటమిని ఎక్కువ చేసి చెప్పడు కదా. నెట్ పోతుందన్న భయంతో గోడకు ఒక కాగితం బ్రాకెట్ కూడా అంటిస్తాం. పిల్లలు ఫోన్లో కంటే దాన్నే ఎక్కువ చూస్తారు.

ఎన్ని కన్సోళ్లు కావాలన్న ప్రశ్నకు చాలామంది ఎన్ని దొరికితే అన్ని అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మా మ్యాచ్ అంటే రెండు గేమ్‌లు ముందు గెలిచినవాడిది, ఒక్కో గేమ్‌లో మూడు రౌండ్లు గెలవాలి, రౌండ్‌కి 60 సెకన్లు. ప్యాడ్లు మార్చుకోవడం, పాత్రలు ఎంచుకోవడం కలిపి పది నిమిషాలు వేసుకోండి. 30 మ్యాచ్‌లు, మూడు కన్సోళ్లు అంటే వంద నిమిషాల్లో అయిపోవాలి. అవదు. మొదటి 22 మ్యాచ్‌లు మూడేసి చొప్పున ఎనిమిది విడతల్లో అవుతాయి. ఆ తర్వాత విన్నర్స్ ఫైనల్‌తో కలిసి లూజర్స్ మూడో రౌండ్ ఒక విడత, నాలుగో రౌండ్ ఒకటి. అక్కడినుంచి మిగిలిన మూడు మ్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటే, ఎందుకంటే ఒక ఫలితం తేలితేగానీ తర్వాతి మ్యాచ్ ఎవరిదో తెలియదు. మొత్తం పదమూడు విడతలు, 130 నిమిషాలు. ఇదే లెక్క రెండు కన్సోళ్లకు వేస్తే 170, నాలుగుకు 110. మూడోది నలభై నిమిషాలు మిగిల్చింది, నాలుగోది ఇరవయ్యే. ఆ ఇరవై కోసం ఇంకో టీవీ మోసుకురావడం నాకు దండగనిపించింది.

మూడు కన్సోళ్లూ ఒకేలా ఉంటేనే ఆట న్యాయంగా నడుస్తుంది. మేము నిజంగా తిప్పలు పడింది అక్కడే. మొదట డీఎల్‌సీ. టెక్కెన్ 7లో లెరాయ్, గీస్, నాక్టిస్ లాంటి పాత్రలు విడిగా కొనాలి. ఒక కన్సోల్‌లో అవి ఉండి పక్కదానిలో లేకపోతే, లెరాయ్ ఆడేవాడికి ఏ టీవీ దగ్గర పేరు పడిందన్నది అదృష్టమైపోతుంది. విడిగా కొన్న పాత్ర వాడేవాళ్ల మ్యాచ్‌లన్నీ ఆ ఒక్క కన్సోల్‌కే పంపిస్తే అక్కడ క్యూ పెరిగి పైన వేసిన లెక్కంతా తారుమారవుతుంది. అందుకే మూడింటిలోనూ ఉన్న పాత్రలే చెల్లుతాయని ఆహ్వానంలోనే రాస్తున్నాం. ముందురోజు రాత్రి మూడింటి వెర్షన్ నంబర్లు కూడా సరిచూస్తాను, ఎందుకంటే అప్‌డేట్‌తో దెబ్బల లెక్కలు మారతాయి. డిజిటల్‌గా కొన్న ఆట ఉన్న కన్సోల్ ఆ అకౌంట్‌కి ప్రైమరీగా లేకపోతే, నెట్ పోయిన క్షణాన ఆటకి తాళం గుర్తు పడుతుంది. అది కూడా అప్పుడే చూసుకోవాలి.

తర్వాత టీవీలు. టెక్కెన్ సెకనుకు 60 ఫ్రేములు, చాలా పాత్రల జాబ్ అనే చిన్న గుద్దు 10 ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. గేమ్ మోడ్ ఆన్ చేయని టీవీలో నాలుగైదు ఫ్రేములు ఆలస్యం వస్తే ఆడేవాడికి చేతులు కట్టేసినట్టే. కొలవడం తేలిక. ఫోన్‌ని 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, బొటనవేలూ తెరా రెండూ కనబడేలా తీసి, బటన్ నొక్కిన ఫ్రేము నుంచి పాత్ర కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. నాలుగు వీడియో ఫ్రేములంటే ఆటలో ఒక ఫ్రేము. ఈ అంకెలో ఆట సొంత ఆలస్యం కూడా కలిసే ఉంటుంది, కాబట్టి ఒక టీవీని ఇంకోదానితో పోల్చడానికే అది పనికొస్తుంది. ఒకసారి రెండు టీవీల మధ్య పదహారు వీడియో ఫ్రేముల తేడా వచ్చింది. పెద్దది, అందమైనది అని మురిసిపోయి తెచ్చిన టీవీయే వెనకబడింది. దాన్ని పాటలకు వదిలేశాం.

అన్నిటికంటే పెద్ద రచ్చ ప్యాడ్ల వల్ల జరిగింది. లూజర్స్ సెమీఫైనల్ నడుస్తోంది, చెరో రౌండ్ దూరంలో ఉన్నారు. ఉన్నట్టుండి తెర ఆగిపోయింది. మా రూలు ప్రకారం ఆట మధ్యలో పాజ్ చేసినవాడికి ఆ రౌండ్ పోతుంది. "అన్నా, నేను ముట్టుకోలేదన్నా, ఒట్టు!" అని ఆడేవాళ్లలో ఒకడు. అబద్ధం కాదు. పక్క టీవీ దగ్గర ఇంకొకడు తన ప్యాడ్ మీద పీఎస్ బటన్ నొక్కాడు. అది పొద్దున ఈ కన్సోల్‌కే జతైన ప్యాడ్, అందుకని దీనికే తగులుకుంది. ఆ రౌండ్ రద్దు చేసి, అప్పటి స్కోరుతోనే తిరిగి ఆడించాం. ఓడినవాడు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

ఇప్పుడు మొదలుపెట్టే ముందు ప్రతి కన్సోల్‌లో Settings, Devices, Bluetooth Devices లోకి వెళ్లి పాత ప్యాడ్లన్నిటికీ Forget Device కొడతాం. తర్వాత Devices లోనే Controllers కింద Communication Method ని Use USB Cable కి మారుస్తాం. మూడేసి మీటర్ల కేబుళ్లు ఆరు కొన్నాం. వాటిలో రెండు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి, డేటా పోదు. ప్యాడ్ దీపం వెలుగుతుంది కానీ పాత్ర కదలదు. కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

పాత్రల విషయంలో గెలిచినవాడు మార్చకూడదు, ఓడినవాడు మార్చుకోవచ్చు. స్టేజి ర్యాండమ్. ఎవరు ఎడమ, ఎవరు కుడి అని తేలకపోతే టాస్. వీటి మీద ఇంతవరకు ఎవరూ గొడవ పడలేదు.

ఈమధ్య నాలుగో కన్సోల్ మళ్లీ తెస్తున్నాం, బ్రాకెట్ కోసం కాదు. రెండుసార్లు ఓడినవాళ్లు దాని దగ్గర చేరి ఫ్రెండ్లీలు ఆడుకుంటారు. ప్యాడ్లు మాత్రం వాళ్ల సొంతవే, వాటినీ కేబుల్‌తోనే పెడతారు. మా మూడు టీవీల దరిదాపుల్లోకి వాటిని రానివ్వం.