మడతగీత మీద Heal పనితనం: నాలుగేళ్ల వాడుక తర్వాత

పాత కాగితాలను స్కాన్ చేసి, వాటి మీది మడతగీతలను చెరపడానికి బొమ్మలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లోని Heal పనిముట్టును నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఖాళీ కాగితం మీద అది చేసే పనికి నేటికీ వంక పెట్టలేను. అంచుల్లోని గీతలు, తుప్పుమచ్చలు, చెదపురుగు చేసిన చిన్న రంధ్రాలు కాగితపు రంగులో కలిసిపోతాయి. మడత అక్షరాల మీదుగా వెళ్లినచోట మాత్రం దానిని ఇక నమ్మను. అందుకు కారణం మా అమ్మానాన్నల శుభలేఖ.

1971లో ప్రొద్దుటూరులో సీసపు అచ్చుతో వేయించిన ఆ శుభలేఖ ఇన్నేళ్లూ ట్రంకుపెట్టెలో నాలుగు మడతలుగా ఉంది. అడ్డమడత సరిగ్గా ముహూర్తపు వరుస మీదుగా పోయింది. పక్కనున్న ఖాళీ కాగితాన్ని నమూనాగా తీసుకుని Heal తో ఆ గీతను తుడిచి, Threshold తో నలుపు తెలుపుల్లోకి మార్చి, అచ్చు తీయించి కడపలో అమ్మ చేతికి ఇచ్చాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చదివి, "ఏం నాయనా, మా ముహూర్తం నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకు కదా, ఆ ఎనిమిది యాడికి పోయింది?" అని అడిగింది. కాగితం మీద 4-08 ఉండవలసినచోట 4-00 ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి కూర్చుని వెతికాను. Heal మనం చూపిన చోటి నుంచి కాగితపు నునుపునూ గరుకునూ తెచ్చి, కుంచె అంచున ఉన్న రంగులకు సరిపోయేలా లోపలి రంగును సర్దుతుంది. చుట్టూ తెల్లకాగితమే ఉంటే ఈ సర్దుబాటు ఎంతో చక్కగా కుదురుతుంది. ఒకవైపు సిరా, మరొకవైపు కాగితం ఉన్నప్పుడు మాత్రం ఆ రెండింటి నడిమి బూడిదరంగు మరక మిగులుతుంది. 8 నడుము దగ్గర అటువంటి మరకే ఏర్పడగా, Threshold దానిని తెలుపు కింద లెక్కగట్టి పూర్తిగా తీసేసింది. చెడిన అక్షరమైతే చదివేటప్పుడు కంటికి తగులుతుంది, మరో అంకెగా మారిన అంకె తగలదు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత ఎదురైంది. శుభలేఖను కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తే 8 నడుము నిక్షేపంగా ఉంది. అక్కడ సిరా రాలిపోలేదు, స్కాన్‌లో దానిని కప్పినది మడత నీడ. చాలా ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో దీపం ఒక పక్క నుంచే వెలుగు వేస్తుంది గనుక, దీపపు కడ్డీకి సమాంతరంగా ఉన్న మడత వెనుక నీడ పడుతుంది. మామూలుగా నిలువుగా పెట్టిన కాగితంలోని అడ్డమడత సరిగ్గా అలాగే ఉంటుంది. కాగితాన్ని తొంభై డిగ్రీలు తిప్పి, మడత కడ్డీ కదిలే దిశలోనే సాగేలా పెట్టి, మడత ఉన్న నడిమి భాగాన్ని బరువైన పుస్తకంతో అద్దానికి ఆనేలా అదిమి, 600 డీపీఐలో మళ్లీ స్కాన్ చేశాను. రెండు చివరలు అద్దం దాటి బయటికి వచ్చినా నాకు కావలసింది నడిమి పట్టీ మాత్రమే. ఆ పట్టీని తిరిగి నిలువుకు తిప్పి, పాత స్కాన్ మీద వేరే లేయరుగా పరచి, దాని Opacity ని సగానికి తగ్గించి అక్షరాలు ఒకదానిపై ఒకటి కూర్చునేదాకా జరిపి, తిరిగి నిండుగా పెంచాను. నీడ దాదాపు పూర్తిగా పోయింది, 8 తిరిగి వచ్చింది.

మడత దగ్గర కాగితం నలిగి సిరా నిజంగానే రాలినచోట ఈ ఉపాయం పనిచేయదు. ఊరి పేరులోని ద్ద కింది వత్తు అలా సగం పోయింది. అదే శుభలేఖలో అదే పరిమాణపు అచ్చులో "పెద్దలు" అన్న మాట ఉండడం నా అదృష్టం. చూపిన చోటిని ఉన్నదున్నట్టు తెచ్చి పూసే Clone తీసుకుని, Ctrl పట్టుకుని ఆ వత్తు ఎడమ కొన మీద నొక్కి, ఇక్కడ అదే కొన నుంచి గీశాను. ముందుగా ఖాళీ లేయరు ఒకటి పెట్టి, కనిపించే లేయర్లన్నింటి నుంచీ నమూనా తీసుకునే Sample merged ను ఎంచుకుంటే పూత అంతా ఆ లేయరులోనే ఉంటుంది. దానిని మూసి తెరిచి చూస్తే నేను చేర్చినదేదో, కాగితం మీద ఉన్నదేదో వెంటనే తెలుస్తుంది. ఆ పోలిక చూడకుండా ఇప్పుడు ఏ పేజీనీ అచ్చుకు పంపను.

Heal ఒక్కటుంటే చాలని అనంతపురంలోని మా మేనల్లుడికి లోగడ చెప్పిన మాటను ఇప్పుడు ఖాళీ అంచుల వరకే పరిమితం చేసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవి నెలకు మూడు నాలుగు ఇంటి కాగితాలే గనుక ఇంత తీరిక దొరుకుతుంది. వందల పేజీలు ఉన్నవారికి ప్రతి మడతకూ కాగితం తిప్పి స్కాన్ చేయడం సాధ్యం కాకపోవచ్చు. పొలం దస్తావేజులు వస్తే మాత్రం తిప్పి స్కాన్ చేయడంతోనే ఆగిపోతాను. సర్వే నంబరు మీద సిరా రాలి ఉంటే ఆ ఖాళీని అలాగే ఉంచి ఇస్తాను.