ఎడమవైపు నిద్ర, మూడు గంటల విరామం: దీర్ఘకాలం పాటించాక నా సమీక్ష

రాత్రి పడుకున్నాక గొంతులోకి పుల్లటి నీరు ఎగదన్నే బాధ తగ్గడానికి నేను పాటించిన జాగ్రత్తలన్నిటిలోనూ నాకు ఎక్కువ మేలు చేసినది ఎడమవైపు తిరిగి పడుకోవడమే. కుడివైపు ఒరిగితే అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోటు ఆమ్లం మట్టం కన్నా కిందికి వస్తుంది. ఎడమవైపు తిరిగితే అదే చోటు మట్టానికి పైన ఉంటుంది. నిద్రలో మింగడం, లాలాజలం ఊరడం రెండూ బాగా తగ్గిపోతాయి కనుక, ఒకసారి పైకి వచ్చిన ఆమ్లం చాలాసేపు అక్కడే నిలిచి మంట పుట్టిస్తుంది. అందుకే పక్క మార్చడమనే ఇంత చిన్న విషయం నా రాత్రులను మార్చివేసింది. దానికి తోడు మంచం తలవైపు కోళ్ల కింద దిమ్మలు పెట్టి సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తించాను. దిండ్లు ఒకదానిపై ఒకటి పేర్చడం మాత్రం నాకు పనికిరాలేదు, ఎందుకంటే శరీరం నడుము దగ్గర మడతపడి పొట్టపై ఒత్తిడి పెరిగింది.

భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల విరామం ఉంటే చాలునని కొంతకాలం అందరికీ గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. ఒక విందు రోజున వంటకాల్లో కారం చాలా తక్కువగా ఉంది, భోజనమూ రాత్రి ఎనిమిదికల్లా ముగిసింది, పదకొండు దాటాకే పడుకున్నాను. అయినా అర్ధరాత్రి దాటాక ఛాతీ మంటతో, నోట్లో పులుపుతో మెలకువ వచ్చి, తెల్లవారేవరకు కూర్చునే ఉండవలసి వచ్చింది. ఆనాటి భోజనంలో నూనె, నెయ్యి ఎక్కువ, పరిమాణం మామూలు కన్నా దాదాపు రెట్టింపు. కొవ్వు పదార్థాలు జీర్ణాశయం నుండి నెమ్మదిగా కదులుతాయి కనుక మూడు గంటలు గడిచినా పొట్ట ఖాళీ కాలేదు. పైగా నిండిన పొట్ట సాగినప్పుడు అన్నవాహిక కింది కండర వలయం మాటిమాటికీ సడలుతుంది. అప్పటి నుండి రాత్రి భోజనం సగానికి తగ్గించి, మిగిలినది సాయంత్రమే తింటున్నాను. తిన్న వెంటనే ముందుకు వంగి చేసే పనులు కూడా మానుకున్నాను.

కారం విషయంలో నా అభిప్రాయం కొంత మెత్తబడింది. అప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహికకు కారం తగిలితే మంట తెలుస్తుంది గానీ, పరిమితంగా, మధ్యాహ్నం తిన్న కారం నన్ను బాధించలేదు. ఇది మనిషిని బట్టి మారుతుంది.

ఎడమ భుజం నొప్పి ఉన్నవారికి ఈ పద్ధతి కష్టమే. నాకూ కొన్ని రాత్రులు భుజం పట్టేస్తుంది. నా బాధ ప్రధానంగా రాత్రివేళదే, వైద్యులు చేసిన ఎండోస్కోపీలోనూ జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హెర్నియా ఏదీ కనబడలేదు. పగలంతా మంట ఉన్నవారికి ఇంత ఫలితం ఉంటుందని చెప్పలేను. మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా ముందు వైద్యుణ్ణి కలవాలి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా దాన్ని ఆమ్లం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.