రాగం గుర్తుంది, పాట పేరు గుర్తు లేదు: హమ్మింగా, పార్సన్స్ కోడా?

మాటలు ఒక్కటీ గుర్తులేనప్పుడు ముందు గూగుల్ యాప్ తెరవండి. మైక్ నొక్కి, "Search a song" ఎంచుకుని, 10–15 సెకన్లు కూనిరాగం తీయండి. శ్రుతి తప్పినా ఫర్వాలేదు, ఎందుకంటే అది చూసేది స్వరాల ఎత్తుపల్లాల వరసను. ఫలితాల పక్కన పోలిక శాతం వస్తుంది. అన్నీ తక్కువ శాతాలే వస్తే పల్లవి వదిలి చరణం మొదలు పాడి చూడండి. గమకాలు తగ్గించి, "త త త" అంటూ ఒక్కో స్వరాన్నీ విడివిడిగా పలకండి. తమిళ పాట వచ్చిందా? కొట్టిపారేయకండి, అదే బాణీకి తెలుగు పాట ఉండొచ్చు. షజామ్‌తో మాత్రం ఈ పని కాదు. అది అసలు రికార్డింగును పోలుస్తుంది, మీ గొంతును కాదు.

రెండోది మ్యూజిపీడియా సైటులో పార్సన్స్ కోడ్. ఇక్కడ పాడక్కర్లేదు. మొదటి స్వరానికి నక్షత్రం గుర్తు, తర్వాతి స్వరం పైకెళితే u, కిందికొస్తే d, అదే ఉంటే r. "ట్వింకిల్ ట్వింకిల్" బాణీ స స ప ప ద ద ప, మ మ గ గ రి రి స. దాని కోడ్:

```
*rururddrdrdrd
```

నాలుగైదు అక్షరాలిస్తే వందల బాణీలు సరిపోతాయి. కనీసం పన్నెండైనా ఇవ్వండి. గొంతు నిలవనివాళ్లకు ఇది మేలే కానీ, అక్కడున్నవి ఎక్కువగా పాశ్చాత్య శాస్త్రీయ, జానపద బాణీలు. సినిమా పాటకైతే నేను గూగుల్‌నే నమ్ముతాను. పేరు తెలియని పియానో ముక్కకు రెండోది.