యాసంగి వేరుశనగకు తడి: రోజుల లెక్కా, చేతి పదునా, ఆవిరి లెక్కా, టెన్షియోమీటరా – ఏది మేలు?

నాగర్‌కర్నూల్ ప్రాంతపు ఎర్ర చెలక నేలలో నవంబరు మొదటి వారంలో విత్తిన ఒక ఎకరం వేరుశనగను, దానికి స్ప్రింక్లర్లతో నీరందించే ఒక బోరును ఉదాహరణగా తీసుకుందాం. ఈ పంటకు తడి ఎప్పుడు ఇవ్వాలన్నది ఒక ప్రశ్న, ఇచ్చిన రోజున ఎంత ఇవ్వాలన్నది మరొక ప్రశ్న. రైతులు వాడుతున్న, శాస్త్రవేత్తలు సూచిస్తున్న పద్ధతుల్లో ప్రధానమైనవి నాలుగు ఉన్నాయి గాని, వాటిలో కొన్ని మొదటి ప్రశ్నకు, కొన్ని రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాయి. ఆ తేడాను గమనించకపోవడం వల్లనే నీళ్లు ఎక్కువవుతున్నాయని నా అభిప్రాయం.

మొదటిది అందరికీ అలవాటైన రోజుల లెక్క. ఎనిమిది రోజులకొక తడి అనుకుంటే, పైరు నాలుగాకుల మీద ఉన్నా, కాయ ఊరుతున్నా, మబ్బు పట్టినా, ఎండ కాసినా ఎనిమిదో రోజున మోటారు వేయడమే. దీనిలోని సౌకర్యాన్ని తక్కువ చేయలేము. ఒకే బోరు కింద అన్నదమ్ములు వంతులు వేసుకున్నచోట మరో దారి కూడా ఉండకపోవచ్చు. అయితే తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, ఆటోస్టార్టరు బిగించి ఉన్న బోర్ల దగ్గర రోజుల లెక్క కూడా కొంత సడలిపోయింది. మోటారు దానంతట అదే నడుస్తుంది, నీళ్లు ఎంతసేపు పారాయో పొద్దున వెళ్లిన మనిషికి తెలియదు.

ఈ పద్ధతి ఎక్కడ తప్పుతుందో చూడాలంటే నేల ఎన్ని నీళ్లు పట్టుకుంటుందో తెలియాలి. ఓ మోస్తరు చెలక నేల, పైరు వాడుకోగలిగిన నీటిని మీటరు లోతుకు సుమారు 120 మి.మీ. నిలుపుకుంటుంది. వేరుశనగ వేరు బాగా పారిన దశలో 60 సెం.మీ. వరకు నీటిని తీసుకుంటుంది కనుక ఆ పొరలో ఉండేది 72 మి.మీ. అందులో సగం ఖర్చయ్యేదాకా పైరుకు ఇబ్బంది ఉండదు. అంటే ఒక తడికి, మరో తడికి మధ్య వాడుకోదగినది 36 మి.మీ. పైరుకు 25 రోజుల వయసప్పుడు వేరు 30 సెం.మీ. దాటదు కనుక అదే లెక్కన 18 మి.మీ. మాత్రమే. ఎకరం విస్తీర్ణంలో ఒక మి.మీ. నీరంటే దాదాపు 4,000 లీటర్లు.

డిసెంబరు ఆరంభంలో ఆ లేత పైరు రోజుకు ఖర్చు చేసేది సుమారు 1.6 మి.మీ. ఎనిమిది రోజులకు 13 మి.మీ. కూడా కాదు. రోజుల లెక్క పాటించే రైతు కాయ ఊరే దశలో పారించినంతే అప్పుడూ పారిస్తే నేలకు చేరేది 36 మి.మీ. మిగిలిన 23 మి.మీ., అంటే ఎకరానికి 92,000 లీటర్లు, వేరు అందని లోతుకు దిగుతాయి. మొదటిసారి అది 30 నుంచి 60 సెం.మీ. మధ్య పొరను నింపి, తరువాత వేరు దిగినప్పుడు పనికివస్తుందనుకోవచ్చు. అయితే విత్తు పదునుకే ఆ పొర నిండి ఉంటే, లేక రెండో తడి నుంచి, ఆ నీరు తనతో పాటు నత్రజనిని, తరువాత పూత దశలో మొక్కల మొదళ్లలో వేసే ఎకరా 200 కిలోల జిప్సంలోని కాల్షియాన్ని కొంత కిందికి తీసుకుపోతుంది. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది కనుక ఈ నష్టం పీకిన రోజున తాలుకాయల రూపంలో కనబడుతుంది. మొదలు కుళ్లు తెగులుకు కూడా ఎప్పుడూ తడిగా ఉండే పైమట్టి అనుకూలం.

రెండోది చేతితో పదును చూడడం. ఇది పాత పద్ధతే గాని, చాలామంది పైమట్టిని మాత్రమే చూస్తారు. పై రెండు అంగుళాలు ఎండకు ఆరిపోవడం సహజం, దానిని బట్టి తడి పెట్టకూడదు. వేరు మొత్తం ఉన్న లోతులో సగానికి, అంటే పెరిగిన పైరులో జానెడుకు కాస్త పైన, సుమారు 30 సెం.మీ. దగ్గర, పారతో గాని ఆగరుతో గాని మట్టి తీసి పిడికిట్లో గట్టిగా బిగించి చూడాలి. నీటితో నిండిన చెలక మట్టి ముద్ద కడుతుంది, నీళ్లు కారవు గాని అరచేతిలో తడి అచ్చు మిగులుతుంది. సగం ఖర్చయిన మట్టి కూడా ముద్ద కడుతుంది గాని ఆ ముద్దను అరచేతిలో రెండుసార్లు ఎగరేస్తే పగులుతుంది, చేతికి చెమ్మ అంటదు. ముద్దే కట్టకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతే ఆలస్యమైనట్టు. తడి పెట్టవలసింది ముద్ద కట్టి, ఎగరేస్తే పగిలే స్థితిలో. చేలో ఒకచోట కాక ఎత్తున, పల్లాన, మధ్యన మూడుచోట్ల చూడాలి.

మధ్యాహ్నం ఆకు ముడుచుకున్నదని తడి పెట్టడం కూడా పదును చూడడమేనని కొందరు అనుకుంటారు, కాని అది నమ్మదగినది కాదు. సాయంత్రానికి ఆకు తేరుకుంటే నేలలో నీరు ఉన్నట్టే, పొద్దునే వాడి ఉంటే లేనట్టు. పైగా నీళ్లు ఎక్కువై వేరుకు గాలి ఆడని పైరు కూడా పసుపు రంగుకు తిరిగి వాడుతుంది. దానిని దాహమనుకుని ఇంకో తడి పెట్టిన చేలను నేను చాలానే చూశాను.

చేతి పద్ధతి ఎప్పుడు అన్నదానికి బాగా జవాబు చెబుతుంది. ఎంత అన్నదానికి దాని దగ్గర జవాబు లేదు, అయితే ఆ లోటును ఒక ఇనుప చువ్వ చాలావరకు తీరుస్తుంది. వేలి లావు చువ్వకు పైన అడ్డకమ్మీ వెల్డింగు చేయించి, తడి ఇచ్చిన మరుసటి రోజు నేలలోకి నొక్కితే తడిసినంత మేర మెత్తగా దిగి, పొడిమట్టి తగలగానే ఆగిపోతుంది. లేత పైరులో అది రెండడుగులు దిగిందంటే వేరుకు అందేదానికంటే రెట్టింపు లోతు తడిపామన్నమాట. గులకరాయి తగిలినా ఆగుతుంది కనుక పక్కపక్కనే నాలుగైదుసార్లు గుచ్చి చూడక తప్పదు. నల్లరేగడిలో ఈ చువ్వ అంత స్పష్టంగా చెప్పదు.

మూడోది ఆవిరి లెక్క. వాతావరణ కేంద్రాల్లో నాలుగడుగుల వెడల్పు, పది అంగుళాల లోతు ఉన్న గుండ్రటి ఇనుప తొట్టిలో రోజూ ఎంత నీరు తగ్గిందో కొలుస్తారు. వేరుశనగ వాడకాన్ని ఆ తగ్గుదలలో ఒక వంతుగా లెక్కిస్తారు: లేత దశలో 0.4 వంతు, ఊడలు దిగినప్పటి నుంచి కాయ ఊరేదాకా 0.8 వంతు, పక్వానికి వచ్చేటప్పుడు సుమారు 0.5 వంతు. జనవరిలో తొట్టి నీరు రోజుకు 5 మి.మీ. తగ్గుతోందనుకుంటే కాయ ఊరే పైరు ఖర్చు 4 మి.మీ. నేల ఇవ్వగలిగిన 36 మి.మీ.ను 4తో భాగిస్తే తడికి, తడికి మధ్య 9 రోజులు. ఫిబ్రవరిలో తొట్టి 6 మి.మీ. తగ్గితే ఆ గడువు ఏడున్నర రోజులకు దిగుతుంది. డిసెంబరు ఆరంభంలో 4 మి.మీ. చొప్పున తగ్గుతుంటే లేత పైరుకు 11 రోజులు. ఇదే పంట మీటరుకు 200 మి.మీ. నీరు పట్టే నల్లరేగడిలో ఉంటే జనవరిలో 15 రోజుల వరకు ఆగవచ్చు.

ఈ పద్ధతి అసలు బలం పరిమాణం చెప్పడంలో ఉంది. స్ప్రింక్లర్ల నీటిలో నాలుగింట మూడు వంతులు వేరుకు చేరతాయనుకుంటే, 36 మి.మీ. అందాలంటే 48 మి.మీ. తోడాలి, ఎకరానికి 1,92,000 లీటర్లు. బోరు నీరు ఎంతో తెలుసుకోవడానికి 200 లీటర్ల డ్రమ్ము, గడియారం చాలు. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు, అంటే ఆ ఎకరానికి గన్లను మార్చుకుంటూ మొత్తం 27 గంటలు. డిసెంబరు లేత పైరుకైతే 24 మి.మీ., 13 గంటల పైచిలుకు. డిసెంబరులో, జనవరిలో మోటారు నడవవలసిన గంటలు సగానికి సగం మారుతున్నాయి, రోజుల తేడా మాత్రం రెండే. రోజులు సరిచూసుకుని గంటలు సరిచూసుకోని రైతు చేలో నీరు వృథా అయ్యేది ఇక్కడే.

లోటు లేకపోలేదు. పొలం దగ్గర సగానికి కోసిన డ్రమ్ముతో తొట్టి చేసుకుంటే దాని ఆవిరి, ప్రామాణిక తొట్టి ఆవిరి ఒకటి కావు. చెట్టు నీడ పడితే తక్కువ, నల్లటి గోడ ఎండకు కాగితే ఎక్కువ. పైన వల కట్టకపోతే కుక్కలు, పిట్టలు తాగిన నీరు కూడా పైరు ఖాతాలో పడుతుంది. వాన పడితే అంత మేర తీసివేయాలి గాని, నేల పట్టగలిగినదానికి మించిన వానను జమ కట్టకూడదు.

నాలుగోది టెన్షియోమీటరు. నీళ్లు నింపిన గొట్టం, అడుగున సన్నని రంధ్రాల పింగాణీ మొన, పైన గడియారం వంటి మీటరు. ఆరుతున్న మట్టి మొన గుండా నీటిని లాగుతుంటే ఆ లాగుడును సెంటీబార్లలో చూపిస్తుంది. చెలకలో 10 నుంచి 20 మధ్య ఉంటే నేల నిండుగా ఉన్నట్టు, 40–50కి వస్తే వేరుశనగకు తడి దగ్గరపడినట్టు. సుమారు 80 దాటితే గొట్టంలోకి గాలి చేరి పని చేయదు. చెలక తన నీటిలో ఎక్కువ భాగాన్ని ఆలోపే ఇచ్చేస్తుంది కనుక ఇక్కడ అది పనికివస్తుంది. రేగడిలో 80 దాటాక కూడా పైరుకు నీరు మిగిలి ఉంటుంది కనుక అక్కడ దాని ఉపయోగం తక్కువ. నేను మొదటిసారి దీనిని పెట్టినప్పుడు మొన చుట్టూ మట్టిని బురద చేసి అదమకుండా గుంతలో నిలబెట్టాను. మీటరు ఎప్పుడూ పొడినే చూపింది, దాన్ని నమ్మి రెండు తడులు అదనంగా పెట్టిన తరువాత పారతో తవ్వి చూస్తే అడుగున మట్టి ముద్దగా ఉంది.

ఒక్కటే కొనగలిగితే దానిని పైన కాక 45 సెం.మీ. లోతున పెట్టడం మేలు. తడి ఇచ్చిన ప్రతిసారీ మరుసటి రోజుకు ఆ లోతున ముల్లు 10 దగ్గరికి పడిపోయి అక్కడే నిలబడుతుంటే, తోడుతున్నది ఎక్కువైందని అర్థం.

చెలకలో స్ప్రింక్లర్లున్న రైతుకు నా ఎంపిక ఇదీ: తడి రోజును చేతి పదును నిర్ణయించాలి, గంటలను ఆవిరి లెక్క నిర్ణయించాలి, రెండూ కుదిరాయో లేదో చువ్వ చెప్పాలి. చేతికి, లెక్కకు రెండు రోజుల తేడా వస్తే చేతినే నమ్మి లెక్కలోని నేల సామర్థ్యాన్ని సవరించుకోవాలి, ఎందుకంటే 120 మి.మీ. అన్నది అన్ని చెలకలకూ ఒకటి కాదు. డ్రిప్పు ఉండి రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా నీరిచ్చేవారికి మాత్రం చేతి కంటే టెన్షియోమీటరే నయం, ఎందుకంటే అంత చిన్న మార్పులు వేళ్లకు తెలియవు.

రెండు సందర్భాల్లో ఈ ఏ పద్ధతీ యథాతథంగా వర్తించదు. మంచి విత్తు పదునులో మొలిచిన పైరుకు 20–25 రోజుల వరకు, పదును కొంత తగ్గినట్టు కనబడినా, తడి ఆపుతారు. అలా ఆపితే పూత ఒకేసారి వస్తుంది. ఇక పీకడానికి నాలుగైదు రోజుల ముందు ఇచ్చే చివరి తడి నేల మెత్తబడడానికే తప్ప పైరు దాహానికి కాదు. అప్పుడు కూడా అలవాటుగా 27 గంటలు పారిస్తే, గింజకు నిద్రావస్థ లేని గుత్తి రకాలు పీకేలోపే నేలలో మొలకెత్తవచ్చు. కాయ ఉన్న పై నాలుగంగుళాలు తడవడానికి పైన చెప్పిన బోరు ఏడెనిమిది గంటలు నడిస్తే చాలు.