పాత కళ్ళజోడు వయసు: అద్దం, కొమ్ము, కీలు – ఏది నమ్మాలి?

‘కొమ్ము ఫ్రేము, 1890 నాటిది’ అని చెప్పి అమ్మే గుండ్రటి గోధుమరంగు కళ్ళజోళ్ళు తరచూ కొమ్మువీ కావు, అంత పాతవీ కావు.

అద్దం ఆకారాన్ని నేను అన్నిటికంటే తక్కువ నమ్ముతాను. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో గుండ్రటివి ఎక్కువ, 19వ శతాబ్దంలో కోడిగుడ్డు ఆకారం వాడుకలోకి వచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ 1917 నుంచి హాలీవుడ్ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ సినిమాల్లో గుండ్రటి కళ్ళజోడుతో కనిపించాడు, ఆ రోజుల్లో అదే ఫ్యాషన్. అంటే గుండ్రటి ఫ్రేముకి రెండు వందల ఏళ్ళైనా ఉండొచ్చు, వందేళ్ళైనా ఉండొచ్చు.

కొమ్ము కూడా అంతే. దాన్ని అప్పుడూ వాడారు, ఇప్పుడూ వాడుతున్నారు. తేదీ విషయంలో నిజంగా పనికొచ్చేది కొమ్ములా కనిపించే తొలినాటి ప్లాస్టిక్, సెల్యులాయిడే. అది వ్యాపార సరుకుగా నిలదొక్కుకున్నది 1870 తర్వాత కాబట్టి, ఫ్రేము అంతకంటే పాతది కాదని తేలిపోతుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. వెలుతురుకి అడ్డంగా పెడితే కొమ్ములో పొడవునా నార కనిపిస్తుంది, అంచు దగ్గర పొరలు లేస్తుంటాయి. కాడ లోపల సన్నటి తీగ కనిపిస్తే కొమ్ము అన్న మాట మర్చిపోవచ్చు. కాల్చిన సూది పరీక్ష మాత్రం వద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

నా ఓటు కీలుకే. కీలుని ఏ ఎత్తులో బిగించారో చూడండి. పాత వాటిలో అది అద్దం పక్కన సరిగ్గా మధ్యలో ఉంటుంది. 1930లో అమెరికన్ ఆప్టికల్ కంపెనీ ‘ఫుల్‌వ్యూ’ పేరుతో, పక్కచూపుకి అడ్డం రాకుండా కాడల్ని పైకి జరిపింది. ఆ తర్వాత పై కీలే మామూలైంది. మధ్య కీలు పూర్తిగా పోలేదు గానీ, పై కీలు ఉన్నది 1890ది అంటే నమ్మడం కష్టం. మరలు మాత్రం లెక్కలోకి తీసుకోకండి, రిపేరులో మార్చేస్తారు. ప్లస్ గాడి ఉన్న మర కనిపిస్తే అది తర్వాత వేసిందే.

ఇప్పుడు మొదట చెప్పిన జోడునే తీసుకుందాం. గుండ్రటి అద్దాలు, మధ్యలో కీలు, రుద్దితే కర్పూరం వాసన, రివెట్ల చుట్టూ ఆకుపచ్చ చిలుము. ఆ చిలుము సెల్యులాయిడ్ చెడిపోతూ వదిలే ఆమ్లపు ఆవిరి వల్ల కూడా పడుతుంది. నేనైతే దీన్ని 1915–30 మధ్యది అంటాను, ‘కొమ్ము’ ధర ఇవ్వను.

పెట్టుకోవడానికైతే కొమ్మే మేలు. ఎండితే చీలుతుంది, పురుగు కూడా తింటుంది, అయినా బాగుచేయించుకోవచ్చు. సెల్యులాయిడ్‌కి సన్నటి పగుళ్ళు మొదలైతే వెనక్కి తిప్పలేం. సేకరణకి కొంటే మూతబిగించిన పెట్టెలో మిగతా జోళ్ళతో కలిపి పెట్టకండి, ఆ ఆవిరి పక్కవాటి లోహాన్నీ తినేస్తుంది.