బాల్కనీ వెలుతురు పడే గదికి గ్లాసీ మానిటర్ కొనేవాళ్లకు జాగ్రత్త

బెంగళూరులో ఎస్పీ రోడ్డుకు వెళ్లినా, మాల్‌కు వెళ్లినా మానిటర్లు చూపించే చోట కిటికీ ఉండదు. పైన నాలుగు ట్యూబులైట్లు, అద్దంలా నున్నగా మెరిసే గ్లాసీ తెర మీద చీకటి ఆకాశంలో చుక్కల వీడియో. "నలుపు చూడండి సార్, బొగ్గులా లేదూ?" అంటాడు సేల్స్‌మన్. అబద్ధమేమీ కాదు. కానీ అదే తెర మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో మన ఫ్లాట్‌కు వచ్చి, కుర్చీ వెనక బాల్కనీ స్లైడింగ్ డోరు ఉన్న గదిలో కూర్చుంటే బొగ్గు కాస్తా బూడిద అవుతుంది.

లెక్క వేసి చూద్దాం. బాల్కనీలోంచి కనిపించే మబ్బు ఆకాశం వెలుగు, కంటికి కనిపించే వెలుగును కొలిచే నిట్స్ లెక్కలో, 4000 అనుకోండి, అదేమీ ఎక్కువ కాదు. పూత లేని మామూలు గాజు అందులో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది, అంటే 160 నిట్స్. మీరు తెల్ల పేజీ చదివే వెలుగు 250 నిట్సే అయితే, డార్క్ థీమ్‌లో కోడ్ రాసేటప్పుడు అక్షరాల వెనక కిటికీ చువ్వలతో సహా దిగుతుంది. మంచి యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉండి 1 శాతానికి తగ్గినా 40 నిట్స్ మిగులుతాయి. మీ తెల్ల చొక్కా కూడా కనిపిస్తుంది, అది వేరే సంగతి.

గరుకు పూత ఉన్న మ్యాట్ తెర ఆ వెలుతురును తీసేయదు, తెరంతా పరిచేస్తుంది. కిటికీ ఆకారం పోతుంది, బదులుగా నలుపు మొత్తం కాస్త తేలిపోతుంది. తెర ముఖం మీద పడే వెలుతురు, దాని కొలత లక్స్‌లో, 500 ఉండి, అందులో 1 శాతం ఇలా చెదిరి వస్తే దాదాపు 1.6 నిట్స్. నలుపు కంటే తెలుపు ఎన్ని రెట్లు వెలుగో చెప్పేది కాంట్రాస్ట్. వెనక దీపంతో వెలిగే ఐపీఎస్ తెరలో అది 1000:1 అయితే, 250 నిట్స్ తెలుపుకు నలుపు 0.25 నిట్స్ ఉంటుంది, దానికి ఇది కలిస్తే కాంట్రాస్ట్ 136కు పడిపోతుంది. అదే పూత ఉండి, ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగి ఆరే ఓఎల్ఈడీలో నలుపు సున్నా అయినా వచ్చేది 157. "అనంతమైన కాంట్రాస్ట్" అని చెప్పి వసూలు చేసిన డబ్బుకు పగటిపూట మిగిలే తేడా ఇంతే. రాత్రి ఒక్క చిన్న దీపంతో 20 లక్స్‌లో చూస్తే మాత్రం ఓఎల్ఈడీ 3900 దాకా వెళ్తుంది, ఐపీఎస్ 800 దగ్గర ఆగుతుంది. కాబట్టి మీరు పగలు పనిచేస్తారా, రాత్రి సినిమాలు చూస్తారా అన్నది ముందు తేల్చుకోండి.

ఓఎల్ఈడీల్లోనే క్యూడీ-ఓఎల్ఈడీ అనే రకంతో ఇంకో చిక్కు ఉంది. మామూలు ఓఎల్ఈడీల్లో బయటి వెలుతురును మింగే పోలరైజర్ పొర ఉంటుంది, ఈ రకం ప్యానెళ్లలో చాలావాటికి అది ఉండదు. అందుకే పగటి వెలుతురులో ఆపేసిన తెర కూడా ఊదా కలిసిన బూడిద రంగులో కనిపిస్తుంది. షాపులో తెర ఆపించి తలుపు దగ్గరికి తిప్పమనండి, పక్కన ఆపేసిన మీ ఫోను పట్టుకుని రెండు నలుపులూ పోల్చండి.

అలాగని కళ్లు మూసుకుని మ్యాట్ తీసుకోకండి. ఆ గరుకు పూతలోని సన్నని గుట్టలు ఒక్కోటీ చిన్న భూతద్దంలా పనిచేసి, తెల్ల పేజీ మీద ఇసుక చల్లినట్టు మిలమిల వస్తుంది. పిక్సెళ్లు ఎంత చిన్నవైతే ఇది అంత ఎక్కువ, 27 అంగుళాల 4కే తెరలో పిక్సెళ్లు అంగుళానికి 163 ఉంటాయి. ఖాళీ తెల్ల పేజీ తెరిచి తల అటూ ఇటూ కదపండి. మెరుపు మీతోపాటు కదిలితే అది పూత గుణం, ఒకేచోట ఉంటే దుమ్ము. ప్యానెల్ వివరాల్లో, పూత వెలుతురును ఎంత చెదరగొడుతుందో చెప్పే హేజ్ 25 శాతం అని ఉంటే ఈ గరుకు బాగానే కనిపించవచ్చు, తక్కువ హేజ్ ఉన్న సెమీ గ్లాసీ రకం మధ్యస్థంగా ఉంటుంది. గ్లాసీ కొనేసి పైన మ్యాట్ ఫిల్మ్ అంటించుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట: ఫిల్మ్ పిక్సెళ్లకు ఇంకా దూరంగా కూర్చుంటుంది, దాంతో అక్షరాలు మసకబారి ఇసుక మరింత పెరుగుతుంది.

కొనే ముందు ఇంట్లో ఉన్న ఏ అద్దాన్నైనా మానిటర్ పెట్టబోయే చోట, అదే ఎత్తులో, అదే వాలుతో నిలబెట్టి కుర్చీలో కూర్చోండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 5కి చూడండి. అద్దంలో ఆకాశం కనిపించిందంటే గ్లాసీ ఆలోచన అక్కడికి ఆపండి, లేదా టేబుల్ తిప్పి కిటికీ మీ పక్కకు వచ్చేలా చేసి మళ్లీ చూడండి. చాలా గదుల్లో ఈ తిప్పడంతోనే సగం గొడవ తీరిపోతుంది.

ఉత్తరం కిటికీ కాబట్టి ఎండ రాదులే అని జనవరిలో చూసి ధీమా పడకండి. బెంగళూరు, చెన్నై రెండూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి. మే, జూన్, జులైల్లో సూర్యుడు తూర్పుకు ఉత్తరంగా ఉదయించి, పడమటికి ఉత్తరంగా అస్తమిస్తాడు. ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఆ కిటికీలోంచి నేరుగా ఎండ పడవచ్చు.

బిల్లు కట్టేముందు వెనక్కి తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడగండి. "రిప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉంటే, గ్లేర్‌ను లోపంగా లెక్కపెట్టరు. ఒకవేళ లెక్కపెట్టినా, మార్చి ఇచ్చేది అదే మోడల్, అదే గాజు.